ముప్ఫై ఏళ్లు సరిపోవాలంటే విశ్రాంత నిధి ఎంత ఉండాలి? అంచెలంచెలుగా లెక్క

పింఛను లేని ఉద్యోగాల నుంచి విరమిస్తున్న పాఠకులు తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటే: నెలకు 45 వేలు కావాలి, చేతిలో ఎంత ఉంటే చాలు? దీనికి శ్రీకాకుళం, విజయనగరం వైపు ఎక్కువగా వినిపించే జవాబు, 67 లక్షల 50 వేలు 8 శాతం వడ్డీకి వేస్తే నెలకు సరిగ్గా 45 వేలు వస్తాయి, అసలు కదలదు అని. మొదటి ఏడాదికి ఈ జవాబులో తప్పేమీ లేదు. రెండో ఏడాది నుంచి ఖర్చు పెరుగుతుంది, వడ్డీ మాత్రం పెరగదు. అప్పుడు అసలును ముట్టుకోక తప్పదు. కింద చూపే అంచనాల ప్రకారం ఆ 67 లక్షల 50 వేలు 14 ఏళ్లకు పూర్తిగా అయిపోతాయి.

ఖర్చు ఏటా ధరలతో పాటు పెరుగుతూ, నిర్ణీత సంవత్సరాల చివరి నెల దాకా డబ్బు అందాలంటే ఎంత నిధి కావాలో ఈ మార్గదర్శిలో లెక్కగడదాం. ఉదాహరణగా విజయనగరంలో సొంత ఇల్లున్న ఒక జంటను ఊహించుకుందాం. ఆయన ప్రైవేటు కళాశాలలో అధ్యాపకుడు, వయసు 60. ఆమెకు 56. కూతురు విశాఖపట్నంలో కాపురం ఉంటోంది.

## 1. ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- గత 12 నెలల బ్యాంకు పాస్‌బుక్ లేదా స్టేట్‌మెంట్, ఫోన్‌పే వంటి వాటి చెల్లింపుల జాబితా
- ఆరోగ్య బీమా ప్రీమియం రసీదు, ఇంటి పన్ను రసీదు
- ఈపీఎఫ్ నిల్వ, గ్రాట్యుటీ, డిపాజిట్లు, ఫండ్లు మొదలైన వాటి నేటి విలువ
- నెలనెలా రాబోయే స్థిర ఆదాయం వివరం: ఈపీఎస్ పింఛను, అద్దె, కౌలు
- భార్యాభర్తల పుట్టిన తేదీలు
- ఎక్సెల్ లేదా గూగుల్ షీట్స్ తెరవగల ఫోను గానీ కంప్యూటరు గానీ

ఇల్లు, బంగారం, ఊళ్లోని పొలం ఈ జాబితాలో లేవు. నెలనెలా అమ్ముకుని తినలేని ఆస్తిని నిధిలో కలిపితే మొత్తం పెద్దదిగా కనిపిస్తుందే తప్ప ఇల్లు గడవదు. పొలం మీద కౌలు వస్తుంటే దాన్ని ఆదాయంగా చూపవచ్చు.

## 2. నెల ఖర్చును నిజాయితీగా తేల్చడం

జీతంలో 70 శాతం అని ఉజ్జాయింపుగా తీసుకోవద్దు. ఏడాది ఖర్చుల పద్దు చూసి రాయండి. మన జంట నెల ఖర్చు ఇలా తేలింది: బియ్యం, సరుకులు, కూరలు, పాలు 14,000, కరెంటు, గ్యాసు, ఫోను, టీవీ 4,500, మందులు, డాక్టరు 6,000, పనిమనిషి 2,500, పెట్రోలు, బస్సు, ఆటో 4,000, ఇతరాలు 7,000. మొత్తం 38,000.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఏడాదికి ఒకసారి వచ్చే ఖర్చులు నెల పద్దులో కనపడవు. వీరికి ఆరోగ్య బీమా 42,000. ఇంటి పన్ను, సున్నాలు, చిన్న మరమ్మతులు కలిపి 15,000. పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగకు కూతురూ అల్లుడూ మనవలూ వస్తారు. ఆ నాలుగు రోజుల ఖర్చు, బట్టలు, ఏడాది పొడవునా చదివింపులు కలిపి 27,000. ఇవన్నీ 84,000, అంటే నెలకు 7,000. దీన్ని కలిపితే 45,000 అవుతుంది.

ఈ అంకె విరమించే నాటి ధరల్లో ఉండాలి. ఇంకా ఐదేళ్లు ఉద్యోగం ఉన్నవారు నేటి 45,000తో లెక్క వేస్తే పొరపాటు. 6 శాతం పెరుగుదలతో ఐదేళ్ల తరువాత అదే బతుకుకు నెలకు 60,220 కావాలి. కావలసిన నిధి కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది.

## 3. ఎన్నేళ్లో నిర్ణయించడం

లెక్క ఇద్దరిలో చిన్నవారి వయసును బట్టి సాగాలి. ఆయనకు 85 ఏళ్లు వచ్చేదాకా అని 25 ఏళ్లు తీసుకుంటే, నిధి అయిపోయే నాటికి ఆమెకు 81 ఏళ్లే ఉంటాయి. అందుకని 30 ఏళ్లు తీసుకున్నాం; ఆమెకు 86 వచ్చేదాకా అన్నమాట.

పత్రికల్లో కనిపించే సగటు ఆయుర్దాయం ఇక్కడ పనికిరాదు. అది పుట్టిన బిడ్డకు వేసిన సగటు. 60 దాటినవారి సగటు దానికంటే పైనే ఉంటుంది. పైగా సగటు అంటేనే, ఎందరో దాన్ని దాటి బతుకుతారని అర్థం. ఇంట్లో తల్లులు, అమ్మమ్మలు 90 దాటిన వారుంటే 35 ఏళ్లకు వెళ్లండి.

నిర్ణీత కాలం చివరి నెలకు నిధి సున్నా అవుతుందన్న సంగతి ఇద్దరికీ తెలిసి ఉండాలి. ఆ తరువాతి ఆసరా సొంత ఇల్లా, పిల్లలా అన్నది ఇప్పుడే మాట్లాడుకోవలసిన విషయం.

## 4. రెండు రేట్లు: ధరల పెరుగుదల, చేతికి అందే రాబడి

ద్రవ్యోల్బణాన్ని 4 శాతం దగ్గర ఉంచాలన్నది రిజర్వు బ్యాంకు లక్ష్యం. అటూ ఇటూ రెండు శాతం వెసులుబాటు ఉంది. 30 ఏళ్ల లెక్కకు 4 తీసుకోవడం ఆశావాదం. ఆ వెసులుబాటు పైఅంచు అయిన 6 శాతంతో వెళ్లడం క్షేమం. వృద్ధాప్యంలో మందుల వాటా పెరుగుతుంది కనుక మన సొంత ద్రవ్యోల్బణం పత్రికల్లో అచ్చయ్యే అంకె కంటే కాస్త ఎక్కువే ఉంటుంది.

రాబడిని పన్నూ ఖర్చులూ పోగా మిగిలేదిగా తీసుకోవాలి. నిధిలో 70 శాతం సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీము, డిపాజిట్లలో 7.25 శాతానికి, 30 శాతం ఈక్విటీ ఫండ్లలో 11 శాతానికి ఉందనుకుందాం. సగటు 8.4 శాతం దాకా వస్తుంది. అందులో పన్నుకూ ఫండ్ల అమ్మకాల మీద పడే భారానికీ కాస్త తీసేసి 7.5 శాతంగా పెట్టుకున్నాం. ఇది ఎవరూ హామీ ఇచ్చిన అంకె కాదు. మొత్తం బ్యాంకు డిపాజిట్లలోనే ఉంచుతామనేవారు 6.5 శాతంతో లెక్క వేసుకోవాలి.

ఈ రెండు రేట్ల మధ్య మిగిలేదే నిజ రాబడి. చాలామంది 7.5 నుంచి 6 తీసేసి 1.5 అంటారు. సరైన పద్ధతి 1.075ను 1.06తో భాగించి అందులోంచి ఒకటి తీసేయడం, అప్పుడు 1.415 శాతం వస్తుంది. తేడా చిన్నదే అయినా, రాబడి ధరల పెరుగుదల కంటే ఎక్కువగా ఉన్నంతవరకు తీసివేత పద్ధతి నిధిని తక్కువగానే చూపిస్తుంది.

## 5. లెక్క వేయడం

నెలనెలా తీసే డబ్బు ఏడాది పొడవునా ఒకేలా ఉండి, కొత్త ఏడాది మొదట్లో ఒకసారి పెరుగుతుందనుకుందాం. ఇంట్లో జరిగేదీ ఇంచుమించు ఇదే. అందువల్ల లెక్క రెండు మెట్లుగా సాగుతుంది. ముందు ఒక ఏడాదిలోని 12 విత్‌డ్రాలకు, ఆ ఏడాది మొదటి రోజున ఎంత చేతిలో ఉండాలో చూస్తాం. తరువాత అలాంటి 30 ఏళ్లకు ఎంత కావాలో చూస్తాం.

షీటులో బి గడుల్లో ఈ క్రమంలోనే నింపండి: నెల ఖర్చు, ధరల పెరుగుదల, రాబడి, సంవత్సరాలు, నెలవారీ రాబడి, ఒక ఏడాది అవసరం, మొత్తం నిధి.

```
B1: 45000
B2: 6%
B3: 7.5%
B4: 30
B5: =(1+B3)^(1/12)-1
B6: =PV(B5,12,-B1,0,1)
B7: =PV((1+B3)/(1+B2)-1,B4,-B6,0,1)
```

బి6లో సుమారు 5,22,500 రావాలి. నెలకు 45 వేల చొప్పున 12 నెలలకు 5,40,000 కదా అనిపించవచ్చు. ఆఖరి నెలల్లో తీసే డబ్బు అప్పటిదాకా రాబడి సంపాదిస్తూ ఉంటుంది కనుక 12తో కాక 11.61తో గుణించినట్టయింది. బి7లో సుమారు 1 కోటి 28 లక్షల 80 వేలు కనిపించాలి.

వేరే అంకె వస్తే ఇవి చూడండి:

- 6%, 7.5% అని కాక గుర్తు లేకుండా 6, 7.5 అని కొట్టారా?
- బి6, బి7 సూత్రాల చివర 1 ఉందా? అది లేకపోతే డబ్బు నెలాఖరున, ఏడాది చివరన తీస్తున్నట్టు లెక్క వేసి నిధిని తగ్గించి చూపుతుంది.
- 66 లక్షల దగ్గర అంకె వచ్చిందా? అయితే ధరల పెరుగుదల గడి సున్నాగా ఉంది. 30 ఏళ్లూ 45 వేలతోనే గడుస్తుందన్న లెక్క అది.

ఈ పట్టికలో గుర్తు పెట్టుకోదగ్గ అంకె మరొకటి ఉంది. 1 కోటి 28 లక్షల 80 వేలను 45తో భాగిస్తే, నెలకు ప్రతి వెయ్యి రూపాయల ఖర్చుకూ 2 లక్షల 86 వేల నిధి కావాలని తేలుతుంది. ఖర్చు మీద ఇంట్లో చర్చ వచ్చినప్పుడు ఈ ఒక్క అంకె చాలు.

## 6. పింఛను తీసేయడం, వైద్యానికి వేరుగా పెట్టడం

మన అధ్యాపకుడికి ఈపీఎస్ పింఛను నెలకు 3,500 వస్తుందనుకుందాం. దాన్ని 45,000లోంచి నేరుగా తీసేసి 41,500తో లెక్క వేయడం చాలా సహజంగా జరిగే పొరపాటు. అలా చేస్తే నిధిలో సుమారు 10 లక్షలు తగ్గిపోతాయి. కానీ ఈ పింఛను ధరలతో పాటు పెరగదు. 20 ఏళ్ల తరువాత కూడా అదే 3,500. అందుచేత దాని నేటి విలువను వేరుగా, నిజ రాబడితో కాక పూర్తి 7.5 శాతంతోనే కట్టాలి.

```
B8: =PV(B5,12,-3500,0,1)
B9: =PV(B3,B4,-B8,0,1)
```

బి9లో వచ్చేది 5 లక్షల 16 వేలు మాత్రమే. పైగా ఆయన తరువాత భార్యకు అందేది సగం పింఛనే కాబట్టి, దీన్ని కూడా పైహద్దుగానే చూడాలి. అద్దె మాత్రం ఏటా పెంచుకోగలిగిన ఆదాయం. దాన్ని నెల ఖర్చులోంచి నేరుగా తీసేయవచ్చు, ఇల్లు ఖాళీగా ఉండే నెలలను వదిలేసి.

వైద్యానికి 10 లక్షలు పక్కన పెట్టమని నా సలహా. నెల పద్దులో ఉన్న 6,000 మామూలు మందులకు. పెద్ద జబ్బు వస్తే ఈ రెండు జిల్లాలవారు చాలావరకు విశాఖపట్నం బయలుదేరాలి. తోడు వెళ్లినవారి బస, భోజనం, రానుపోను కారు అద్దె బీమాలో రావు. ఈ 10 లక్షలను నెల విత్‌డ్రాల లెక్కలో కలపకుండా, వడ్డీని దానిలోనే పెరగనివ్వండి.

ఇప్పుడు మొత్తం: 128.8 లక్షలు, అందులోంచి 5.2 తీసి, 10 కలిపితే 133.6 లక్షలు. కోటీ 34 లక్షలు అనుకుందాం.

పిల్లలకు ఏదైనా మిగల్చాలనుకునేవారు బి7 సూత్రంలో 1కి ముందున్న సున్నా స్థానంలో, నేటి విలువలో ఆ మొత్తాన్ని మైనస్ గుర్తుతో రాయాలి. 30 ఏళ్ల తరువాత నేటి 20 లక్షల విలువ మిగలాలంటే ఇప్పుడు అదనంగా 13 లక్షల 12 వేలు కావాలి.

## 7. అంచనా ఒక శాతం తప్పితే ఏమవుతుంది

ఇదే షీటులో ఒక్కొక్క గడినీ మార్చి చూడండి, మిగతావి కదపకుండా.

- ధరలు 6కు బదులు 7 శాతం పెరిగితే: 1 కోటి 46 లక్షల 60 వేలు
- రాబడి 7.5కు బదులు 6.5 శాతమే వస్తే: 1 కోటి 47 లక్షల 20 వేలు
- 30కి బదులు 35 ఏళ్లు కావలసి వస్తే: 1 కోటి 45 లక్షల 50 వేలు

మూడింటికీ అదనం ఇంచుమించు 17, 18 లక్షలే. అంటే ఈ ఉదాహరణలో ఒక శాతం ధరల పెరుగుదల, ఒక శాతం రాబడి, ఐదేళ్ల ఆయుష్షు ఒకే బరువు తూగుతున్నాయి. డిపాజిట్లు తప్ప మరేదీ వద్దనే భద్రతకు ధర ఆ 18 లక్షలే. దాన్ని చెల్లించగలిగితే ఆ నిర్ణయం తప్పేమీ కాదు.

ఏడాది ఖర్చుకు 25 రెట్లు ఉంటే చాలునన్న సూత్రం కూడా కొందరు చెబుతారు. అది 1994లో విలియం బెంగెన్ అమెరికా షేర్లు, బాండ్ల గత రాబడుల మీద చేసిన పరిశీలన నుంచి వచ్చింది. మన ఉదాహరణలో 25 రెట్లంటే కోటీ 35 లక్షలు. మన లెక్కకు దగ్గరగా వచ్చింది నిజమే, కానీ అది కాకతాళీయం. 35 ఏళ్లు కావలసినవారికీ డిపాజిట్లనే నమ్ముకున్నవారికీ ఆ సూత్రం చాలదని పై మూడు అంకెలే చూపుతున్నాయి.

నిధి తక్కువ పడితే వెయ్యికి 2 లక్షల 86 వేల లెక్కను వెనక్కి తిప్పండి. చేతిలో కోటీ 15 లక్షలే ఉన్నాయనుకుంటే లోటు 18.6 లక్షలు, అంటే నెలకు సుమారు 6,500. ఆ మేరకు ఖర్చు తగ్గించాలి, లేదా ఇంటి పై వాటా అద్దెకివ్వడం లాంటి ధరలతో పెరిగే ఆదాయం చూసుకోవాలి. లోటును పూడ్చడానికి రాబడి గడిలో 9 శాతం అని మార్చడం మాత్రం చేయవద్దు. లోటు షీటులో మాయమవుతుంది, ఇంట్లో అలాగే ఉంటుంది.

## 8. మొదటి ఏళ్ల నష్టానికి కాపు

సగటున 7.5 శాతం వచ్చినా, ఏ ఏడాది ఎంత వచ్చిందన్నది నిధి ఆయుష్షును మార్చేస్తుంది. మొదటి ఏడాదే 10 శాతం నష్టం వచ్చి, ఆపై ప్రతి ఏటా 7.5 శాతం వచ్చిందనుకోండి. విత్‌డ్రాలు పోగా ఏడాది చివర మిగిలేది సుమారు 1 కోటి 10 లక్షల 80 వేలు. ఖర్చు తగ్గించకపోతే ఆ డబ్బు మొత్తం మీద 24 ఏళ్లకే అయిపోతుంది. అదే నష్టం 25వ ఏట వస్తే తగ్గేది సుమారు ఒక్క ఏడాదే.

అందుకని మొదటి మూడేళ్ల విత్‌డ్రాలు, 5.4, 5.72, 6.07 లక్షలు కలిపి సుమారు 17.2 లక్షలు, షేర్ల ధరలతో సంబంధం లేని చోట ఉంచండి: సేవింగ్స్ ఖాతాలో ఒక ఏడాది మొత్తం, మిగతావి ఒకటి, రెండేళ్ల డిపాజిట్లలో. మార్కెట్ పడిన ఏడాది ఫండ్లు అమ్మకుండా ఇందులోంచి వాడాలి. మామూలు ఏడాదిలో దీన్ని మళ్లీ నింపాలి.

సీనియర్ సిటిజన్ స్కీములో అసలును ఈ కాపులో లెక్కించవద్దు. అందులో ఒకరికి గరిష్ఠంగా 30 లక్షలు, గడువు ఐదేళ్లు, ముందుగా తీస్తే కోత ఉంటుంది. దాని వడ్డీని మాత్రం లెక్కించవచ్చు: 8.2 శాతం రేటుతో 30 లక్షలకు మూడు నెలలకోసారి 61,500 వస్తాయి. మన జంటలో ఆమె వయసు 56 కనుక ఆమె పేర ఖాతాకు 60 దాకా ఆగాలి. బ్యాంకు డిపాజిట్ల విషయంలో, బీమా రక్షణ ఒక బ్యాంకులో ఒకరికి అసలూ వడ్డీ కలిపి 5 లక్షల దాకానే ఉంటుందని గుర్తుంచుకుని, మొత్తం ఒకేచోట పెట్టకండి.

## 9. ప్రతి ఏప్రిల్‌లో తనిఖీ

లెక్క ఒకసారి వేసి బీరువాలో పెడితే సరిపోదు. ఏటా ఏప్రిల్‌లో బి1లో అప్పటి అసలు ఖర్చు, బి4లో మిగిలిన సంవత్సరాలు పెట్టి బి7 చూడండి. వైద్య నిధి కాక చేతిలో ఉన్న మొత్తానికి, మిగిలిన ఏళ్ల పింఛను విలువను చూపే బి9ని కలిపి, ఆ మొత్తాన్ని బి7తో భాగించండి.

- 100 శాతం, ఆపైన: ధరల మేరకు విత్‌డ్రా పెంచుకోవచ్చు.
- 90 నుంచి 100 లోపు: పెంపును సగానికి తగ్గించండి.
- 90 లోపు: ఆ ఏడాది పెంపు ఆపేయండి, పాత మొత్తమే తీసుకోండి.

ఈ హద్దులు నేను పెట్టుకున్నవి. ఎవరి వీలును బట్టి వారు మార్చుకోవచ్చు. పై నష్టం ఉదాహరణలో, పింఛను సంగతి పక్కన పెడితే, రెండో ఏడాది మొదట్లో ఉండవలసింది 132.85 లక్షలు, ఉన్నది 110.8, అంటే 83 శాతం. ఒక ఏడాది పెంపు ఆపితే కావలసిన నిధి 125.3 లక్షలకు దిగి, నిష్పత్తి 88కి చేరుతుంది. అప్పటికే అలవాటైన 45 వేలతో మరో ఏడాది నెట్టుకురావడం, 75వ ఏట ఖర్చును సగానికి కోసుకోవడం కంటే ఎంతో తేలిక.

తనిఖీలో ఎక్కువమందిని మోసం చేసేది పాస్‌బుక్‌లోని అంకె. అంచనాల ప్రకారమే అన్నీ జరిగినా నిధి మొదట తగ్గదు, పెరుగుతుంది. ఐదేళ్ల తరువాత అది 1 కోటి 48 లక్షలు, పదేళ్లకు 1 కోటి 64 లక్షలు, 15 ఏళ్లకు 1 కోటి 71 లక్షలు. అక్కడి నుంచి దిగడం మొదలై, 20 ఏళ్లకు 1 కోటి 57 లక్షలు, 25 ఏళ్లకు 1 కోటి 9 లక్షలు, మరో ఐదేళ్లకు సున్నా.

ఆయనకు 75 వచ్చేసరికి పెట్టుబడి సుమారు 42 లక్షలు పెరిగినట్టు కనిపిస్తుంది. మనవరాలి పెళ్లికో, కూతురి ఫ్లాటు అడ్వాన్సుకో ఆ పైడబ్బు ఇవ్వవచ్చుననిపించేది సరిగ్గా అప్పుడే. ఆ ఏడాది నెల ఖర్చు 1 లక్షా 8 వేలు అయి ఉంటుంది. చేతిలో ఉన్న 1 కోటి 71 లక్షలు మిగిలిన 15 ఏళ్లకు సరిగ్గా సరిపోయే మొత్తమే, అందులో ఒక్క రూపాయి కూడా అదనం కాదు. అలాంటి కోరిక ముందుకొచ్చినప్పుడు, ఇవ్వదలచిన మొత్తాన్ని నిల్వలోంచి తీసేసి, పై నిష్పత్తిని మళ్లీ కట్టి చూడండి. అప్పటికీ 100 దాటుతుంటేనే చెక్కు రాయండి.